పండుగ తర్వాత మిగిలిన సరుకు, ముందే కట్టిన అద్దె: ఈ ఏడాది లాభం ఎంతో ఎలా తేల్చాలి

పండుగ అయిపోయింది. గల్లాపెట్టెలో డబ్బు తక్కువగా ఉంది, గోడౌన్‌లో అట్టపెట్టెలు మాత్రం ఇంకా ఉన్నాయి. దుకాణం గదికి ఏడాది అద్దె ముందే కట్టేశారు. ఇప్పుడు లెక్కల సంవత్సరం ముగుస్తోంది, లాభమా నష్టమా తేల్చాలి. ఈ పని చేయడానికి రెండు సూత్రాలు చాలు. ఒకటి మ్యాచింగ్ సూత్రం. తెలుగులో దీన్ని జతపరిచే సూత్రం అనవచ్చు. రెండోది ప్రూడెన్స్, అంటే జాగ్రత్త సూత్రం. విడివిడిగా చదివితే రెండూ సులువుగానే ఉంటాయి. ఒకే సరుకు మీద రెండూ కలిసి పనిచేసేటప్పుడు ఏది ముందు, ఏది తర్వాత అన్నదే చాలామందికి తెలియదు. అందుకే ఒక దుకాణదారు లెక్కను మొదటి నుంచి చివరి దాకా వేసి చూద్దాం. మీ అంకెలు వేరైనా వరుస ఇదే.

ఆయన అక్టోబరు 1న ఒక కొత్త గది తీసుకుని పండుగ సామాను అమ్మడం మొదలుపెట్టారు. గది యజమాని పన్నెండు నెలల అద్దె ఒకేసారి అడిగితే, నెలకు 10,000 చొప్పున 1,20,000 కట్టారు. పండుగ నవంబరులో వచ్చింది. లెక్కల సంవత్సరం డిసెంబరు 31తో ముగుస్తుంది. ఆయన తెచ్చిన సరుకు రెండు రకాలు: 500 సీరియల్ లైట్ల సెట్లు, ఆ ఏడాది అంకె అచ్చువేసిన 600 గిఫ్ట్ బాక్సులు. లైట్లలో 350 సెట్లు ఒక్కొక్కటి 300కి, బాక్సుల్లో 400 ఒక్కొక్కటి 160కి అమ్ముడయ్యాయి. మొత్తం అమ్మకాలు 1,69,000.

నోట్‌బుక్‌లో ఆయన వేసుకున్న లెక్క ఇలా ఉంది. సరుకుకు 1,60,000 పెట్టాను, అద్దెకు 1,20,000 పెట్టాను, చేతికి వచ్చింది 1,69,000, కాబట్టి 1,11,000 నష్టం. నగదు లెక్కగా చూస్తే ఇది నిజమే, ఆయన చేతిలోంచి అంత డబ్బు బయటికి వెళ్లింది. కానీ వ్యాపారంలో పోయింది అంత కాదు. ఆ డబ్బులో కొంత ఇంకా గోడౌన్‌లో ఉంది, ఇంకొంత వచ్చే తొమ్మిది నెలల అద్దె రూపంలో ఉంది.

మొదటి అడుగు: ఒక్కో వస్తువు కొన్న ఖర్చు ఎంతో తేల్చండి

కొన్న ఖర్చు అంటే బిల్లులో ఉన్న ధర ఒక్కటే కాదు. సరుకు మీ దుకాణం దాకా చేరడానికి అయిన రవాణా, వెనక్కి రాని పన్నులు కూడా అందులోకే వస్తాయి. మన దుకాణదారుకు లైట్ల సెట్టు బిల్లు ధర 190, దానికి రవాణా 10, మొత్తం 200. బాక్సు బిల్లు ధర 95, రవాణా 5, మొత్తం 100.

పండుగ తర్వాత మిగిలిన పెట్టెలను గోడౌన్‌లో ఉంచినందుకు అయ్యే అద్దెను, అమ్మకానికి పెట్టిన ప్రకటన ఖర్చును మాత్రం సరుకు ధరలో కలపకండి. అవి ఏ నెలలో అయితే ఆ నెల ఖర్చులోకే వెళ్తాయి. ఈ తప్పు తరచుగా జరుగుతుంది. అమ్ముడుపోని సరుకు మీద గోడౌన్ అద్దె నెలనెలా ఎక్కిస్తూ పోతే, ఎంత ఎక్కువ కాలం అమ్ముడుపోకుండా ఉంటే పుస్తకంలో దాని విలువ అంత పెరుగుతుంది. అసలు జరుగుతున్నది దానికి సరిగ్గా వ్యతిరేకం.

రెండో అడుగు: డిసెంబరు 31న చేత్తో లెక్కపెట్టండి

పుస్తకం ప్రకారం 150 సెట్లు, 200 బాక్సులు మిగలాలి. అయినా గోడౌన్‌కి వెళ్లి లెక్కపెట్టాల్సిందే. లెక్కపెట్టేటప్పుడు కాగితం మీద మూడు గడులు గీసుకోండి: ఎన్ని ఉన్నాయి, ఏ స్థితిలో ఉన్నాయి, తర్వాత ఎవరు కొంటారు. మూడో గడి చాలామంది గీసుకోరు. కానీ నాలుగో అడుగుకు కావలసింది అదే. అట్టలు నలిగాయా, తేమ తగిలిందా, ఏడాది అంకె కనబడుతుందా, ఇవన్నీ అప్పుడే రాసుకోండి. నెల గడిచాక గుర్తు తెచ్చుకుని రాసినదాన్ని నమ్మలేం.

సరఫరాదారు అమ్మిపెట్టమని ఇచ్చిన సరుకు, అమ్ముడుపోతేనే డబ్బు ఇవ్వాలన్న సరుకు గోడౌన్‌లో ఉంటే దాన్ని పక్కన పెట్టండి. అది మీది కాదు కాబట్టి మీ లెక్కలోకి రాదు.

మూడో అడుగు: అమ్మకానికి దాని ఖర్చును జతచేయండి

మ్యాచింగ్ సూత్రం చెప్పేది ఇంతే. ఒక వస్తువు అమ్మిన ఆదాయం ఏ సంవత్సరంలో లెక్కలోకి వస్తుందో, ఆ వస్తువు కొన్న ఖర్చు కూడా అదే సంవత్సరంలో ఖర్చుగా రావాలి. కొన్న రోజు, డబ్బు కట్టిన రోజు ఇక్కడ ముఖ్యం కాదు.

అమ్ముడైన 350 సెట్లకు ఖర్చు 70,000. అమ్ముడైన 400 బాక్సులకు 40,000. మొత్తం 1,10,000. అమ్మకాలు 1,69,000లోంచి ఇది తీసేస్తే స్థూల లాభం 59,000. మిగిలిన 150 సెట్ల ఖర్చు 30,000, 200 బాక్సుల ఖర్చు 20,000, కలిపి 50,000. ఇది ఇంకా ఖర్చు కాలేదు. ముగింపు సరుకుగా ఆస్తి అప్పుల పట్టీలో ఆస్తుల వైపు ఉండి, అమ్ముడయ్యే రోజు కోసం ఎదురుచూస్తుంది.

ఈ అడుగు వేయకుండా కొన్న సరుకు మొత్తాన్ని ఈ ఏడాదికే రాసేస్తే స్థూల లాభం 9,000 అని కనబడుతుంది. అప్పుడు వచ్చే ఏడాది మిగిలిన లైట్లు అమ్మితే, వాటికి ఖర్చే లేనట్టు వచ్చినదంతా లాభం అయిపోతుంది. రెండు సంవత్సరాల లెక్కలూ తప్పే. ఏ ఏడాది వ్యాపారం బాగా జరిగిందో చూసుకుని వచ్చే పండుగకు ఎంత సరుకు తేవాలో నిర్ణయించుకునే మనిషికి ఇది నిజమైన దెబ్బ.

నాలుగో అడుగు: మిగిలిన సరుకు ఆ ధర తెస్తుందా అని అడగండి

జాగ్రత్త సూత్రం పని ఇక్కడ మొదలవుతుంది. అమ్ముడయ్యే దాకా ఖర్చును ఆస్తిగా ఆపి ఉంచవచ్చని మ్యాచింగ్ చెప్పింది. ఆ ఖర్చు తిరిగి వచ్చేటట్టయితేనే ఆపి ఉంచవచ్చు, రాని భాగాన్ని అమ్మకం దాకా ఆగకుండా ఇప్పుడే నష్టంగా రాయాలి అని ప్రూడెన్స్ చెబుతుంది. అంతర్జాతీయ లెక్కల ప్రమాణం ఐఏఎస్ 2 దీన్ని ఒకే నియమంగా పెట్టింది: ముగింపు సరుకును కొన్న ఖర్చు, నికర అమ్మకపు విలువ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే ఆ ధరకు రాయాలి.

నికర అమ్మకపు విలువ అంటే మామూలుగా అమ్మితే రాగల ధరలోంచి, అమ్మడానికి ఇంకా పెట్టాల్సిన ఖర్చు తీసేయగా మిగిలేది. పండుగ సమయంలో ఉన్న ధర కాదు. పండుగ అయిపోయాక వచ్చే ధర.

లైట్లను చూద్దాం. పండుగ పోయినా పెళ్లిళ్లకు, ఇతర వేడుకలకు అవి పనికొస్తాయి. ఇప్పుడు సెట్టు 260కి పోతుందని అంచనా, ప్యాకింగుకు, పంపడానికి 10 అవుతుంది. నికరంగా 250. కొన్న ఖర్చు 200. తక్కువది 200 కాబట్టి లైట్లు 30,000 దగ్గరే ఉంటాయి. 250 వస్తుందని తెలిసినా 250కి ఎక్కించకూడదు. ఇంకా అమ్మని లాభాన్ని ముందే రాసుకోకూడదన్నది కూడా జాగ్రత్తలో భాగమే.

బాక్సుల సంగతి వేరు. వాటి మీద ఏడాది అంకె ఉంది. డిసెంబరు 31న దుకాణదారు 80కి పోతాయని అనుకున్నారు. లెక్కలు పూర్తయ్యేసరికి జనవరి చివరకు వచ్చింది, ఆ లోపల 60 బాక్సులు అమ్ముడయ్యాయి, అన్నీ 50కే. 80కి ఒక్కటీ పోలేదు. మరి ఏ ధర తీసుకోవాలి? 50 తీసుకోవాలి. జనవరిలో జరిగిన ఆ అమ్మకాలు కొత్త సంఘటన కాదు, డిసెంబరు 31న ఆ బాక్సుల విలువ ఎంతో చూపించే సాక్ష్యం. పండుగ అప్పటికే అయిపోయింది, అంకె అప్పటికే పాతబడింది. అంకె మీద స్టిక్కర్ అతికించడానికి, పంపడానికి బాక్సుకు 10 పోతే నికరంగా 40. కొన్న ఖర్చు 100. కాబట్టి 200 బాక్సులను 8,000కి రాయాలి. మిగతా 12,000 ఈ ఏడాది నష్టం.

ముగింపు సరుకు 50,000 నుంచి 38,000 అయింది. స్థూల లాభం 59,000 నుంచి 47,000కి దిగింది. చిట్టాలో రాసేది ఒక్క పద్దు: సరుకు విలువ తగ్గుదల ఖాతా డెబిట్ 12,000, సరుకు ఖాతా క్రెడిట్ 12,000.

ఇక్కడే ఒక తప్పు జరుగుతుంది, అది పైకి కనబడదు. కొందరు సరుకంతటినీ ఒకే మొత్తంగా పోలుస్తారు. లైట్ల నికర విలువ 37,500, బాక్సులది 8,000, కలిపి 45,500. కొన్న ఖర్చు 50,000. తేడా 4,500 మాత్రమే కదా అని అంతే తగ్గిస్తారు. అప్పుడు లైట్ల మీద ఇంకా రాని 7,500 లాభం బాక్సుల నష్టంలో కొంత భాగాన్ని దాచేస్తుంది. అందుకే పోలిక ఒక్కో రకానికి విడిగా జరగాలి. ఒకే రకానికి చెంది, ఒకేలాంటి పనికి వాడే, ఒకే ప్రాంతంలో అమ్మే, విడివిడిగా పోల్చడం వీలుకాని వస్తువులను మాత్రమే ఒక గుంపుగా తీసుకోవచ్చు. లైట్లు, బాక్సులు అలాంటివి కావు.

జాగ్రత్తకూ హద్దు ఉంది

ఈ దశలో దుకాణదారుకు పెద్దలు ఒక సలహా ఇస్తారు. "మిగిలిందంతా సున్నా అని రాసెయ్యి బాబూ, ఏదైనా వస్తే అదృష్టం అనుకో." వినడానికి ఇది మహా జాగ్రత్తగా ఉంటుంది. కానీ ఫలితం చూడండి. 38,000 కూడా ఈ ఏడాదికి ఖర్చు రాస్తే స్థూల లాభం 9,000కి పడిపోతుంది. వచ్చే ఏడాది ఆ లైట్లు, బాక్సులు అమ్మితే నికరంగా 45,500 వస్తుంది, మొత్తం లాభంగా కనబడుతుంది. సరిగ్గా రాసి ఉంటే వచ్చే ఏడాది వాటి మీద లాభం 7,500 మాత్రమే. అంటే ఒక ఏడాదిని చిన్నగా చూపి, మరో ఏడాదిని పెద్దగా చూపినట్టు. ఇది జాగ్రత్త కాదు, లాభాన్ని ఒక ఏడాది నుంచి ఇంకో ఏడాదికి దాచడం.

ప్రమాణాలు రాసేవాళ్లకూ ఈ చిక్కు తెలుసు. అంతర్జాతీయ ప్రమాణాల మూల చట్రంలోంచి 2010లో ప్రూడెన్స్ అన్న మాటనే తీసేశారు, అది తటస్థతకు అడ్డు వస్తుందన్న కారణంతో. 2018లో మళ్లీ చేర్చారు, కానీ అర్థం జాగ్రత్తగా కట్టి చేర్చారు: సంగతి ఖాయంగా తెలియనప్పుడు నిర్ణయం తీసుకోవడంలో మెలకువగా ఉండడం. ఆస్తులను పెంచి చూపకూడదు, అలాగే తగ్గించి కూడా చూపకూడదు. నా దృష్టిలో ఆ రెండో సగం మొదటి దానంత ముఖ్యం. 12,000 తగ్గించడానికి దుకాణదారు దగ్గర కారణం ఉంది: జనవరి అమ్మకాల బిల్లులు, స్టిక్కర్ల ఖర్చు. లైట్లను సున్నా చేయడానికి అలాంటి కాగితం ఒక్కటి కూడా లేదు. ఏ తగ్గింపు రాసినా దాని పక్కన ఏ ఆధారంతో రాశారో ఒక వాక్యం రాసుకోండి. ఆ వాక్యం రాయలేకపోతే తగ్గింపు కూడా రాయకండి.

ఇంకో మాట. వచ్చే డిసెంబరు 31కి కూడా కొన్ని బాక్సులు మిగిలి, అప్పటికి వాటి ధర నిజంగా పెరిగి ఉంటే, తగ్గించిన విలువను మళ్లీ పెంచాలి. కానీ కొన్న ఖర్చు అయిన 100 దాటకూడదు.

ఐదో అడుగు: అద్దెను నెలలకు పంచండి

అద్దెకు అమ్మకంతో నేరుగా జత ఉండదు. ఈ లైట్ల సెట్టుకు ఈ రోజు అద్దె అని ముడివేయలేం. కాబట్టి ఇక్కడ ఖర్చును కాలంతో జతచేస్తాం. గది వాడుకున్న నెలలకే అద్దె ఖర్చు అవుతుంది.

డబ్బు కట్టిన రోజున ఇలా రాస్తే తర్వాత పని తేలిక: ముందుగా చెల్లించిన అద్దె ఖాతా డెబిట్ 1,20,000, నగదు ఖాతా క్రెడిట్ 1,20,000. ఆ తర్వాత ప్రతి నెలాఖరున అద్దె ఖాతా డెబిట్ 10,000, ముందుగా చెల్లించిన అద్దె ఖాతా క్రెడిట్ 10,000. డిసెంబరు 31కి మూడు నెలలు గడిచాయి. 30,000 లాభనష్టాల ఖాతాకు వెళ్తుంది. తొమ్మిది నెలల 90,000 ఆస్తుల వైపు మిగులుతుంది. యజమాని ఆ తొమ్మిది నెలలు గది ఇవ్వాలి కాబట్టే అది ఆస్తి.

గది తీసుకునేటప్పుడు కట్టిన డిపాజిట్‌ను మాత్రం ఇందులో కలపకండి. అడ్వాన్స్ అన్న ఒకే మాటతో రెండింటినీ పిలవడం వల్ల ఈ పొరపాటు తేలిగ్గా జరిగిపోతుంది. ఖాళీ చేసినప్పుడు తిరిగి వచ్చే డబ్బు డిపాజిట్. అది నెలనెలా కరిగిపోదు, విడిగా ఇంకో ఖాతాలో ఉండాలి. ఒప్పంద పత్రం తీసి, ఏ మొత్తం తిరిగి వస్తుందో, ఏది అద్దెలో సర్దుబాటు అవుతుందో చదివిన తర్వాతే పద్దు రాయండి. ఒప్పందం ఏడాదికి మించి ఉండి, మీ వ్యాపారం అంతర్జాతీయ ప్రమాణాలను పూర్తిగా పాటించేదైతే లీజులకు వేరే నియమాలు వర్తిస్తాయి. పన్నెండు నెలలు లేదా అంతకు తక్కువ కాలమైతే ఇలా నెలలకు సమంగా పంచడం అక్కడా అనుమతించిన పద్ధతే.

ఆరో అడుగు: ముందే కట్టిన అద్దెను కూడా అదే ప్రశ్న అడగండి

సరుకు విషయంలో జాగ్రత్త పడి, అద్దె దగ్గర చాలామంది ఆగిపోతారు. కాగితం మీద 90,000 ఉంది, తొమ్మిది నెలలుంది, ఇక చూడాల్సిందేముంది అనుకుంటారు. చూడాల్సింది ఉంది. ఆ గది వాడుకుంటారా?

డిసెంబరు 20న దుకాణదారు ఆలోచించుకుని, మార్చి చివరకు గది ఖాళీ చేయాలని నిర్ణయించి యజమానికి చెప్పేశారనుకోండి. మిగతా ఆరు నెలల అద్దె వెనక్కి ఇవ్వనని యజమాని అన్నారు, గదిని ఇంకొకరికి ఇచ్చుకునే హక్కు కూడా ఒప్పందంలో లేదు. అప్పుడు ఆ 60,000 వల్ల ఇక ఏ ప్రయోజనమూ లేదు. దాన్ని ఈ ఏడాదే ఖర్చు రాయాలి, ఆస్తుల్లో జనవరి నుంచి మార్చి దాకా 30,000 మాత్రమే ఉండాలి. నెలలకు పంచుతూ పోదామని మ్యాచింగ్ అన్నా, అక్కడ పంచడానికి వాడుక లేదు.

అదే నిర్ణయం జనవరి 15న తీసుకుంటే? ఇప్పుడు జవాబు మారుతుంది. డిసెంబరు 31న ఆయన గది కొనసాగించాలనే ఉన్నారు. ఖాళీ చేయాలన్న నిర్ణయం కొత్త ఏడాదిలో జరిగిన కొత్త విషయం, దాని నష్టం కొత్త ఏడాదిదే. బాక్సులు జనవరిలో 50కి అమ్ముడవడం పాత ఏడాదిలోకి ఎందుకు వచ్చింది, ఇది ఎందుకు రాలేదు? బాక్సుల విలువ డిసెంబరు 31కే పడిపోయి ఉంది, జనవరి దాన్ని బయటపెట్టింది అంతే. గది విలువ మాత్రం జనవరిలో తీసుకున్న నిర్ణయం వల్ల పడింది. ముగింపు తేదీ తర్వాత ఏదైనా తెలిసినప్పుడల్లా ఈ ఒక్క తేడాను పట్టుకోండి: ఆ రోజుకే ఉన్న స్థితిని ఇది చూపిస్తోందా, లేక ఆ తర్వాతే పుట్టిందా?

మన లెక్కలో దుకాణదారు గది కొనసాగిస్తున్నారు. కాబట్టి 90,000 అలాగే ఉంటుంది.

ఏడో అడుగు: నగదు లెక్కతో సరిచూడండి

స్థూల లాభం 47,000, అందులోంచి అద్దె 30,000 తీస్తే 17,000 లాభం. మొదట ఆయన నోట్‌బుక్‌లో ఉన్నది 1,11,000 నష్టం. రెండింటి మధ్య తేడా 1,28,000. ఇంత తేడా చూస్తే టెన్షన్ సహజం, ఎక్కడో తప్పు చేశాననిపిస్తుంది. తేడా ఎక్కడికి పోయిందో చూపించగలిగితే ఆ టెన్షన్ అక్కర్లేదు. ముగింపు సరుకు 38,000, ముందుగా చెల్లించిన అద్దె 90,000, కలిపి సరిగ్గా 1,28,000. మీ లెక్కలో ఈ రెండూ కలవకపోతే వెనక్కి వెళ్లండి. ముందు చూడాల్సింది అద్దె నెలలను సరిగ్గా లెక్కపెట్టారా అని, ఆ తర్వాత రవాణా ఖర్చును రెండు చోట్ల రాశారా అని. ఇంకా కట్టని బిల్లులు, ఇంకా వసూలు కాని అమ్మకాలు మీకు ఉంటే అవి కూడా ఈ తేడాలో భాగమవుతాయి. మన దుకాణదారు అంతా నగదుకే కొని నగదుకే అమ్మారు కాబట్టి రెండే కనబడ్డాయి.

లాభం 17,000 ఉంది కదా అని ఆ డబ్బు ఇంటి ఖర్చుకు తీసుకోవచ్చనుకోవద్దు. గల్లాలో అది లేదు. వచ్చే నెలల్లో లైట్లు, బాక్సులు అమ్ముడైతేనే కొంత చేతికి వస్తుంది. సరఫరాదారుకో, అప్పు ఇచ్చినవారికో డబ్బు ఎప్పుడు కట్టగలరో చూసుకోవడానికి నగదు లెక్కే వాడండి. వ్యాపారం ఎలా జరిగిందో చూసుకోవడానికి ఈ లెక్క.

జనవరి 1న కొత్త పుస్తకం ప్రారంభ సరుకు 38,000తో, ముందుగా చెల్లించిన అద్దె 90,000తో తెరవండి. బాక్సుల ప్రారంభ ధర ఇప్పుడు 40, మళ్లీ 100 కాదు. జనవరిలో 50కి అమ్మిన ఒక్కో బాక్సుకు ఖర్చు 40, స్టిక్కరుకు, పంపడానికి 10, లాభం సున్నా. అలా సున్నా వచ్చిందంటే డిసెంబరులో వేసిన అంచనా సరిగ్గా కుదిరిందన్నమాట. జనవరి 31న అద్దె ఖాతాకు ఇంకో 10,000 రాస్తే ముందుగా చెల్లించిన అద్దె 80,000కి దిగుతుంది. సెప్టెంబరు 30కి అది సున్నా కావాలి. కాకపోతే మధ్యలో ఏదో ఒక నెల పద్దు రాయలేదని అర్థం.